మామిడి పిందె కొస మెలిక: కాడ కుట్టు, స్ప్లిట్ స్టిచ్ గీత రంపంలా విరగకుండా కుట్టే పద్ధతి

కుర్తా మెడ పక్కన మామిడి పిందె కుడితే కడుపు వంపు దాదాపు అందరికీ నున్నగానే వస్తుంది. చిక్కంతా కొస దగ్గరే. అక్కడ గీత చుట్టుకుని సుడిలా లోపలికి తిరుగుతుంది, కుట్లు ఎదురు తిరుగుతాయి. నున్నగా రావాల్సిన మెలిక పలకలు పలకలుగా, రంపపు పళ్లలా కనిపిస్తుంది. చెయ్యి తిరగలేదనుకుని నాలుగు సార్లు విప్పి కుడతారు, మళ్లీ అలాగే వస్తుంది. ఇది చేతివాటం సమస్య కాదు. కుట్టు పొడవు, దారం ఏ పక్కన ఉంది, సూది ఎక్కడ పైకి వచ్చింది అనే మూడింటిలో ఏదో ఒకటి తప్పుతోందన్నమాట.

అందుకే ఇక్కడ ఆ కొసనే తీసుకుని చెబుతున్నాం. 6 సెం.మీ. ఎత్తున్న మామిడి పిందె, కొస కుడి వైపుకి వాలి లోపలికి చుట్టుకుంది. మెలిక మధ్యలో ఉన్న అర్ధవృత్తానికి వ్యాసార్ధం 3 మి.మీ., దాని తర్వాతి అర్ధవృత్తానికి 5 మి.మీ., ఆ తర్వాత పిందె తల మీద 8 మి.మీ. ఈ అంకెలు స్కేలు పెట్టి కొలవనక్కర్లేదు. మెలికలో ఒక మిరియపు గింజ పట్టి కాస్త చోటు మిగిలితే వ్యాసార్ధం 3 మి.మీ. దగ్గర ఉన్నట్టు. చొక్కా గుండీ సరిగ్గా కూర్చుంటే ఐదున్నర.

గీత ఎందుకు విరుగుతుంది

దారం వంగినట్టు కనిపిస్తుంది కానీ కుట్టు వంగదు. ఒక బెజ్జం నుంచి ఇంకో బెజ్జానికి లాగి పట్టిన ముక్క అది, తిన్నగానే ఉంటుంది. మిరియపు గింజ చుట్టూ అగ్గిపుల్ల ముక్కలు పేర్చినట్టు ఊహించుకోండి. ముక్క పొడుగైనకొద్దీ దాని మధ్యభాగం గింజ వైపుకి, అంటే గీత లోపలికి జరుగుతుంది.

3 మి.మీ. వ్యాసార్ధం మీద 4 మి.మీ. కుట్టు వేస్తే దాని మధ్యభాగం గీసిన గీతకి ముప్పావు మిల్లీమీటరు లోపలికి పోతుంది. రెండు పోగుల కాడ కుట్టు వెడల్పే దాదాపు 1 మి.మీ. కాబట్టి ఇది కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అదే చోట 2 మి.మీ. కుట్టు వేస్తే తప్పేది 0.17 మి.మీ. మాత్రమే, దారం మందంలో కలిసిపోతుంది. కుట్టు సగం చేస్తే తప్పు నాలుగో వంతుకి దిగుతుంది, ఇంచుమించుగా. మెలికలో కుట్టు కొంచెం తగ్గిస్తే చాలా లాభం ఉన్నది ఇందుకే.

దీన్నే తిప్పి చూస్తే, పిందె అంతటా ఒకే పొడవు కుట్టు వేయాలన్న నియమం ఇక్కడ పనికిరాదు. తల మీద 3.5 మి.మీ., తర్వాతి అర్ధవృత్తంలో 2.6, మధ్యలో 2. ఈ మూడు చోట్లా తప్పు ఇంచుమించు ఒకటే వస్తుంది కాబట్టి కంటికి గీత అంతా ఒకే నునుపుతో కనిపిస్తుంది. పొడవు ఒక్కసారిగా మార్చకుండా మూడు నాలుగు కుట్లలో దించుకుంటూ రావాలి.

గుడ్డ, సూది, దారం

బేగంబజార్‌లో గానీ, కోఠి సుల్తాన్ బజార్‌లో గానీ, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో గానీ దొరికే మామూలు సామానే చాలు. ఎంచుకోవడంలో మాత్రం కొన్ని పట్టింపులు ఉన్నాయి.

గుడ్డ నేత ఎంత వదులుగా ఉంటే మెలిక అంత చెడుతుంది. సూది మొన నూలుపోగుల మధ్య సందులోకి జారిపోతుంది. మీరు గీత మీదే గుచ్చాననుకుంటారు, అది పక్క సందులో దిగుతుంది. తిన్నటి గీతలో ఇది తెలియదు కానీ మెలికలో మెట్లు మెట్లుగా బయటపడుతుంది. ఖాదీ లాంటి వదులు నేత గుడ్డల మీద కుట్టాల్సి వస్తే వెనక పల్చటి మల్లు గుడ్డ ఒక పొర వేసి రెండూ కలిపి రింగులో బిగించండి. అప్పుడు సూదికి సందులు కాకుండా గుడ్డే తగులుతుంది. పాప్లిన్, కేంబ్రిక్ లాంటి దట్టమైన నేతకి ఈ పొర అక్కర్లేదు. ఏ గుడ్డయినా కుట్టే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయాలి. నూలు గుడ్డ కుట్టిన తర్వాత కుంచించుకుపోతే చిన్న కుట్లు ఉన్నచోటే ముందు ముడతలు పడతాయి.

సూది మొన పదునుగా ఉండాలి. క్రాస్ స్టిచ్‌కి వాడే మొద్దు మొన సూది వద్దు, అది సందులు వెతుక్కుంటుంది. రెండు పోగులకి 8 లేదా 9 నంబరు ఎంబ్రాయిడరీ సూది, ఒక్క పోగుకి 10. నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది.

దారం ఆరు పోగుల కాటన్ లచ్చీ. అందులోంచి రెండు పోగులు ఒక్కసారిగా లాగేయకండి. ఒక్కొక్క పోగూ విడిగా లాగి, మళ్లీ పక్కపక్కన పెట్టి సూదికి ఎక్కించండి. అప్పుడు రెండూ మెలిపడకుండా పరుచుకుంటాయి. స్ప్లిట్ స్టిచ్‌కి ఇది మరీ ముఖ్యం. పొడవు మూరెడు చాలు. అంతకన్నా పొడుగు దారం గుడ్డలోంచి పదే పదే దూరి నూగు లేస్తుంది, చిన్న కుట్లలో ఆ నూగు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

దారం లెక్క కూడా ముందే వేసుకోవచ్చు. కుట్టులో సగం ముందుకి జరుగుతూ కుట్టే కాడ కుట్టుకి గీత పొడవుకి మూడింతల దారం పడుతుంది. పైన రెండింతలు, వెనక ఒక ఇంత. ఈ పిందె చుట్టుకొలత మెలికతో కలిపి 21 సెం.మీ. అనుకుంటే దారం 63 సెం.మీ., కొసలకి విడిచేది కలిపితే మూడు మూరలు. మొదటి మూరలో 20 సెం.మీ. రెండు కొసలకి పోతే మిగిలిన 25 సెం.మీ.తో సుమారు 8 సెం.మీ. గీత వస్తుంది. అంటే మెలిక పూర్తయి తల దాటిన తర్వాతే దారం మార్చాల్సి వస్తుంది. మెలిక లోపల దారం మార్చకూడదు, అక్కడ కొస దాచడానికి చోటే ఉండదు.

గీత గీసుకోవడం

మగ్గం వర్క్ షాపుల్లో బట్టర్ పేపరుకి సూదితో బెజ్జాలు పొడిచి, పొడిని కిరోసిన్‌లో కలిపి రుద్ది వేసే ట్రేసింగ్ పెద్ద డిజైన్లకి బాగుంటుంది. 3 మి.మీ. మెలికకి ఆ చుక్కలు లావు, గీత ఎక్కడుందో తేల్చుకోలేం. కింద వెలుతురు పెట్టి సన్నగా చెక్కిన పెన్సిల్‌తోనో, నీటితో పోయే పెన్నుతోనో గీయడం మేలు. నీటి పెన్ను వాడితే ఇస్త్రీకి ముందు చన్నీళ్లతో తుడిచేయాలి, వేడి తగిలితే ఆ మరక ఉండిపోతుంది.

గీసేటప్పుడే ఒక సంగతి చూసుకోండి. మెలికలో పక్కపక్కనే నడిచే రెండు గీతల మధ్య కనీసం 2 మి.మీ. ఎడం ఉండాలి. అంతకన్నా దగ్గరైతే కుట్టు వెడల్పుతో మధ్య ఖాళీ పూడిపోయి మెలిక ముద్దలా అవుతుంది. అప్పుడు కుట్టుని సరిదిద్దే ప్రయత్నం మానేసి డిజైన్‌లో ఒక చుట్టు తీసేయండి.

ఇప్పుడు లోపలి అర్ధవృత్తం మీద చుక్కలు పెట్టాలి. దాని పొడవు 9.4 మి.మీ. 1 మి.మీ. ఎడంతో పెడితే రెండు చివరలతో కలిపి పది చుక్కలు వస్తాయి. రెండో అర్ధవృత్తం 15.7 మి.మీ., 1.3 మి.మీ. ఎడంతో రెండు చివరలతో కలిపి పదమూడు చుక్కలు. తల మీద చుక్కలు అక్కర్లేదు, కంటితోనే వేయొచ్చు. ఇంత చిన్న పనికి చుక్కలేమిటి అనిపిస్తుంది. కానీ మెలికలో కన్ను మోసం చేస్తుంది, సూది దిగాల్సిన చోటుని ఎప్పుడూ కాస్త ముందుకే చూపిస్తుంది.

రింగు 4 అంగుళాలది తీసుకోండి. లోపలి రింగుకి మల్లు గుడ్డ పట్టీ చుడితే గుడ్డ జారదు. బిగించేటప్పుడు నిలువు నూలు, అడ్డ నూలు వెంటే లాగాలి. ఐమూలగా లాగితే గుడ్డ సాగి మెలిక గుండ్రం తప్పుతుంది. అలాగే కుట్టేస్తే రింగు తీసిన తర్వాత గుడ్డ వెనక్కి వెళ్లి మెలిక కోడిగుడ్డులా మిగులుతుంది. ఎండాకాలంలో చేతి చెమటకి గుడ్డ సాగుతుంది, దారం అంటుకుంటుంది. పక్కన తువ్వాలు పెట్టుకోండి.

దారం ఎప్పుడూ వంపుకి బయటి పక్కన

కాడ కుట్టు, అంటే స్టెమ్ స్టిచ్‌లో సూది ముందుకి వెళ్లి దిగుతుంది, సగం దూరం వెనక్కి వచ్చి పైకి లేస్తుంది. ఆ లేచేటప్పుడు ముందు కుట్టు దారం సూదికి ఒక పక్కన ఉండాలి. ఏ పక్కన అన్నదే అసలు విషయం.

దారం వంపుకి బయటి పక్కన ఉండి, సూది దానికి లోపలి పక్కన లేచిందనుకోండి. పైకి వచ్చిన దారం ముందు కుట్టు నడుముని బయటికి నెట్టి పడుతుంది. తిన్నగా ఉండాల్సిన కుట్టు గీత మీదకి వంగుతుంది. దారం లోపలి పక్కన ఉంటే దీనికి తారుమారు. కుట్టు అసలే లోపలికి పోతోంది, దాన్ని మరింత లోపలికి నెడుతున్నాం. బెజ్జాలు బయటికి తేలి ఒక్కొక్కటీ ఒక పన్నులా కనిపిస్తుంది. పొడవులన్నీ సరిగ్గా ఉన్నా మెలిక విరిగినట్టు ఉంటే ముందు ఇదే చూడండి.

కుడిచేత్తో కుట్టేవాళ్లు మామూలుగా ఎడమ నుంచి కుడికి పోతూ దారాన్ని కిందికి పట్టుకుంటారు. అంటే నడిచే దిక్కుకి కుడి పక్కన. గడియారం ముల్లుకి ఎదురుగా తిరిగే వంపులో కుడి పక్కే బయటి పక్క. కాబట్టి మెలిక ఎదురు దిక్కులో తిరిగేలా మొదలుపెట్టే చోటు ఎంచుకుంటే చాలు, అలవాటు మార్చుకోనక్కర్లేదు.

కొస కుడికి వాలిన మన పిందెలో ఆ చోటు మెలిక నడిమధ్య. అక్కడ మొదలై బయటికి విప్పుకుంటూ, తల మీదుగా ఎడమ పక్కకి దిగి, అడుగున తిరిగి కుడి పక్కన పైకి వస్తే దారి అంతా గడియారానికి ఎదురే. చివరికి కొస కింద మెడ లోపలికి నొక్కుకున్న చోట మాత్రం వంపు దిక్కు మారుతుంది. అక్కడ దారం ఎడమ పక్కకి మార్చాలా అంటే, అవసరం లేదు. ఆ వంపు వ్యాసార్ధం 20 మి.మీ. దాకా ఉంటుంది. 3.5 మి.మీ. కుట్టు అక్కడ తప్పేది 0.08 మి.మీ., కంటికి ఆనదు. పైగా దారం పక్క మారిస్తే తాడు పురి తిరగబడుతుంది, ఆ అతుకు కనిపిస్తుంది. రెండు వైపులా ఇరుకు మెలికలున్న తీగల్లో మాత్రమే పక్క మార్చండి, అదీ ఆకు గానీ పువ్వు గానీ అతుకుని కప్పే చోట.

కాడ కుట్టుతో మెలిక, కుట్టు కుట్టుకీ

దారం కొసకి ముడి వేసి, మెలికకి 8 సెం.మీ. దూరంలో గుడ్డ పై వైపు నుంచి దింపండి. ముడి పైనే ఉండిపోతుంది. ఆఖర్న దాన్ని కత్తిరించి, ఆ కొసని వెనక వైపు కుట్ల కిందుగా దూరుస్తాం. మెలిక మధ్యలో ముడి వేస్తే అక్కడ గుబ్బ లేస్తుంది.

మెలికలో సూదిని ఒక్క ఊపులో గుచ్చి తీసే పద్ధతి వదిలేయండి. అలా గుచ్చితే గుడ్డ మడత పడి సూది తిన్నగా పోతుంది, రెండు బెజ్జాల్లో ఒకటి గీత తప్పుతుంది. పై నుంచి కిందికి ఒకసారి, కింద నుంచి పైకి ఒకసారి, రెండు కదలికల్లో కుట్టాలి. సూది గుడ్డకి నిటారుగా ఉండాలి.

1. మొదటి చుక్కలో పైకి వచ్చి రెండో చుక్కలో దిగండి. ఇది సగం కుట్టు. మళ్లీ మొదటి చుక్క బెజ్జంలోనే పైకి వచ్చి, ఈసారి మూడో చుక్కలో దిగండి. ఇలా చేయకపోతే గీత మొదట్లో దారం ఒక్కటే ఉండి ఎలుక తోకలా సన్నగా కనిపిస్తుంది.

2. మూడో చుక్కలో దించిన దారాన్ని పూర్తిగా లాగకండి. చిటికెన వేలు దూరేంత ఉంగరం వదిలి, దాన్ని ఎడమ బొటనవేలితో వంపు బయటి పక్కకి నొక్కి పట్టండి. రెండో చుక్కలో, ఉంగరానికి లోపలి పక్కన, సూది పైకి తీయండి. అప్పుడు దారం లాగితే ఉంగరం మూసుకుని కుట్టు సూది బయటి పక్కన సర్దుకుంటుంది.

3. నాలుగో చుక్కలో దిగి మూడో చుక్కలో లేవండి. లేచే బెజ్జం ముందు కుట్టు దిగిన బెజ్జమే కావాలి. దానికి అర మిల్లీమీటరు ఇటో అటో లేస్తే గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది.

4. ఇలాగే ఐదులో దిగి నాలుగులో, ఆరులో దిగి ఐదులో. ఐదారు కుట్లకోసారి సూదిని వదిలేసి దారాన్ని వేలాడనివ్వండి, ఎక్కిన పురి విడిపోతుంది. సగం మెలిక వచ్చాక రింగుని తిప్పండి, చేతిని కాదు. కుట్టే చోటు ఎప్పుడూ మీకు ఎదురుగా, ఎడమ నుంచి కుడికి పోయేలా ఉండాలి.

దిగే బెజ్జాలన్నీ గీత నడుమనే ఉండాలన్నది ఇక్కడ మరచిపోకూడని మాట. కాడ కుట్టు లావుగా రావడానికి కొందరు గీతకి కొంచెం పైన దిగి కొంచెం కింద లేస్తారు. కొమ్మలకి అది బాగుంటుంది. మెలికలో మాత్రం ఆ వాలే పళ్లుగా తేలుతుంది.

లాగుడు కూడా చూసుకోవాలి. కుట్టు గుడ్డకి ఆనేంత వరకే లాగండి. అంతకు మించి లాగితే దారం దగ్గరి దారి వెతుక్కుని మెలిక లోపలికి జారుతుంది, చుట్టూ గుడ్డ ముడత పడుతుంది. బిగించేటప్పుడు దారాన్ని పక్కకి కాకుండా గుడ్డకి నిటారుగా పైకి లాగాలి.

తల మీదకి వచ్చాక కుట్టు 3.5 మి.మీ.కి పెంచుకుంటూ పోయి, చివర పిందె మెడ దగ్గర మెలిక గీతని తాకే చోట ఆగుతాం. ఆఖరి కుట్టు రెండో సగంలో దారం ఒంటరిగా ఉంటుంది. దాని పక్కనే ఇంకో సగం కుట్టు వేస్తే మొదట్లో లాగే చివర కూడా వెడల్పు సరిపోతుంది.

స్ప్లిట్ స్టిచ్ ఎప్పుడు, ఎలా

మెలిక మిరియపు గింజకన్నా ఇరుకైతే, అంటే వ్యాసార్ధం రెండున్నర మి.మీ. లోపుంటే, కాడ కుట్టు జోలికి పోకపోవడమే మంచిది. అక్కడ పక్కపక్కన రెండేసి దారాలకి చోటు చాలదు. స్ప్లిట్ స్టిచ్ గీత సన్నం, దానికి ఆ పక్కా ఈ పక్కా అన్న బాధ లేదు. సుడి తిరగడంలో దానికున్న ఓపిక పాతదే. 13, 14 శతాబ్దాల ఇంగ్లండ్ చర్చి వస్త్రాల మీద మనుషుల ముఖాలు ఈ కుట్టుతోనే నింపారు, చెక్కిళ్ల దగ్గర సుడులు సుడులుగా.

పద్ధతి తెలిసిందే. ముందుకి వెళ్లి దిగి, కొంచెం వెనక్కి వచ్చి, వేసిన కుట్టు దారాన్నే చీల్చుకుంటూ కింద నుంచి పైకి రావాలి. మెలికలో కుట్టు 2 మి.మీ., వెనక్కి వచ్చేది 0.7 మి.మీ. సరిపోతుంది.

దీనిలో చాలామంది గమనించని మోసం ఒకటుంది. కుట్టు మధ్యభాగం గీతకి లోపల ఉంటుందని ముందే చెప్పుకున్నాం. కింద నుంచి తడుముకుంటూ ఆ దారం నడుమ ఎక్కడుందో వెతికి చీలిస్తే, సూది గీత మీద కాకుండా కాస్త లోపల లేచినట్టే. తర్వాతి కుట్టు అక్కడి నుంచి మొదలవుతుంది, అది ఇంకాస్త లోపలికి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మెలిక గీసిన దానికన్నా చిన్నదైపోతుంది, గీసిన గీత బయట కనిపిస్తుంది. కాబట్టి దారాన్ని వెతుక్కుంటూ సూది పోకూడదు. సూది మొనని గీత మీద కొద్దిగా పైకి తేల్చి ఆపండి. ఎడమ చేతి గోటితో దారాన్ని బయటికి జరిపి మొన మీదకి తెండి. రెండు పోగులు మొనకి చెరో పక్కన పడ్డాక సూదిని లాగండి. చీలిన చోటే కుట్టుని గీతకి మేకులా పట్టేస్తుంది.

చీలిక నడిమధ్య పడకపోతే ఒక పోగు పక్కకి ఉబ్బి పన్నులా కనిపిస్తుంది. దీనికి కారణం ఎక్కువసార్లు పోగులు ఒకదానిమీదొకటి మెలిపడి ఉండటమే. ప్రతి కుట్టు దించే ముందు సూది పక్క భాగంతో దారాన్ని ఒకసారి దువ్వితే రెండూ పక్కపక్కన పరుచుకుంటాయి. మూడు పోగులతో కుడితే ఒక పక్క రెండు, ఒక పక్క ఒకటి పడతాయి కాబట్టి ఈ కుట్టుకి రెండు లేదా నాలుగు పోగులే వాడండి.

కింద నుంచి చీల్చడం కుదరట్లేదంటే పై నుంచి చీల్చే పద్ధతి ఉంది. గీత మీద ఒక అడుగు ముందుకి వెళ్లి పైకి రావాలి, వెనక్కి వచ్చి ముందు కుట్టు కొసకి కాస్త ఇవతల దారాన్ని చీలుస్తూ దిగాలి. చీల్చేది కంటికి ఎదురుగా కనిపిస్తుంది, పైకి వచ్చే బెజ్జం ఎప్పుడూ గీత మీదే ఉంటుంది. మరీ ఇరుకు మెలికలకి, అడుగు 1.5 మి.మీ.కి దించి, మేము ఇదే వాడమంటాం. కింద నుంచి చీల్చినప్పుడు వచ్చే జడ అల్లిక అందం దీనిలో కొంచెం తగ్గుతుంది, అంతే.

పిందె అంతా కాడ కుట్టుతో, మెలిక మాత్రం స్ప్లిట్‌తో కుట్టినా తప్పు లేదు. ఒకే రెండు పోగులతో స్ప్లిట్ గీత సన్నగా వస్తుంది కాబట్టి కొస క్రమంగా సన్నబడినట్టు కనిపిస్తుంది. అతుకు మెలిక మధ్యలో కాకుండా తల మొదలయ్యే చోట పెట్టండి.

విప్పే ముందు వెనక్కి తిప్పి చూడండి

తప్పు ఎక్కడుందో పై వైపు కన్నా వెనక వైపే తొందరగా చెబుతుంది. కాడ కుట్టు సరిగ్గా పడితే వెనక బఖియా కుట్టులా చిన్న కుట్లు ఒకదాని కొసకి ఒకటి తాకుతూ సమానంగా కనిపించాలి. మధ్యలో ఖాళీలుంటే సూది ముందు బెజ్జం దాకా రాకుండానే లేచింది. కుట్లు ఒకదానిమీదొకటి ఎక్కితే ఆ బెజ్జం దాటి మరీ వెనక లేచింది. వెనక వరస చక్కగా ఉండి, పైన మాత్రం పళ్లు కనిపిస్తే దారం లోపలి పక్కన పట్టినట్టే. వెనక వరసే అడ్డదిడ్డంగా మెట్లలా ఉంటే బెజ్జాలు గీత మీద లేవు, గుడ్డ నేతనో గుచ్చిన తీరునో అనుమానించాలి. స్ప్లిట్ స్టిచ్‌కి వెనక చిన్న చిన్న గీతలు ఎడం ఎడంగా ఉండటం సహజం, దాన్ని తప్పనుకోకండి.

విప్పాల్సి వస్తే సూదికి ఉన్న దారాన్ని వెనక్కి లాగి విప్పే పని మూడు నాలుగు కుట్ల వరకే. అంతకు మించితే వెనక వైపు కత్తెర మొనతో కత్తిరించి చిమటాతో తీసేయండి. స్ప్లిట్ స్టిచ్‌ని అసలు వెనక్కి విప్పలేం, చీలిన పోగులు నూగు లేచిపోతాయి. మళ్లీ కుట్టే ముందు గుడ్డని గోటితో రెండు దిక్కులా గీకితే పాత బెజ్జాలు మూసుకుంటాయి. లేకపోతే సూది మళ్లీ వాటిలోకే పోతుంది.

మెడకి అవతలి పిందె

మెడ పట్టీకి రెండు పక్కలా ఎదురెదురు పిందెలు ఉంటాయి కదా. రెండోదాని కొస ఎడమకి వాలుతుంది, మెలిక మధ్య నుంచి బయటికి వస్తే దారి గడియారం దిక్కులో తిరుగుతుంది. అలాగే కుడితే దారం ఎడమ పక్కన పట్టాలి, అప్పుడు పురి కూడా అద్దంలోలా తిరగబడుతుంది. చూడ్డానికి జత సరిపోయినట్టే ఉంటుంది కానీ దారానికి సొంత పురి ఒకటే దిక్కు కాబట్టి ఒక పిందె తాడులా బిగువుగా, రెండోది కాస్త చదునుగా కనిపిస్తుంది. లావు దారంతో ఇది తెలుస్తుంది. ముందే పాత గుడ్డ మీద రెండు రకాలుగా అంగుళం చొప్పున కుట్టి చూసుకోండి.

తేడా నచ్చకపోతే రెండో పిందెని అవతలి చివర నుంచి మొదలుపెట్టండి. కొస కింద పిందె మెడ దగ్గర మొదలై, ఎడమ పక్కన దిగి, అడుగున తిరిగి, కుడి పక్కన పైకి ఎక్కి, తల మీదుగా మెలిక మధ్యలోకి చేరండి. దారి మళ్లీ గడియారానికి ఎదురే, దారం మళ్లీ కుడి పక్కనే. తేడా అల్లా మెలిక ఈసారి ఆఖర్న వస్తుంది. అందుకని తల మొదలవ్వక ముందే కొత్త మూర దారం ఎక్కించుకోవాలి. మెలిక మధ్యలో దిగిన కొసని వెనక వైపు, వచ్చిన దారినే నాలుగైదు కుట్ల కిందుగా తీసుకెళ్లి కత్తిరించాలి. అక్కడి నుంచి ఎదురుగా ఉన్న గీతకి అడ్డంగా దాటిస్తే పల్చటి గుడ్డలోంచి ఆ దారం నీడ కనిపిస్తుంది.

ఇస్త్రీ చేసేటప్పుడు మందపాటి తువ్వాలు పరిచి కుట్టు వైపు దాని మీదకి బోర్లించి వెనక నుంచి వేయండి. పై నుంచి నేరుగా నొక్కితే కాడ కుట్టు పురి చదునైపోయి, మెలికలో అంత జాగ్రత్తగా బయటికి నెట్టిన దారం పక్కకి పడుకుంటుంది.